రథసప్తమి ఖర్చు, ఈఓ కుర్చీ: రాజ్య తటస్థతను రాజ్యాంగాల్లో ఎలా పోల్చాలి

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం విద్యార్థినిని, మాది బొబ్బిలి దగ్గర. సెక్యులరిజం మీద పేపర్ రాస్తున్నాను. మతం విషయంలో రాజ్య తటస్థతను ఇండియా, అమెరికా, ఫ్రాన్స్, టర్కీ రాజ్యాంగాలు ఎలా నిర్వచించాయో పోల్చాలి. సెక్యులర్ అనే మాట ఉందా లేదా, అధికార మతం ఉందా లేదా అని టేబుల్ వేశాను. మా గైడ్ చూసి "ఇది పోలిక కాదమ్మా, నాలుగు దేశాల పరిచయం" అన్నారు. సబ్మిషన్‌కి నెల కూడా లేదు, టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు:

అమ్మా, మీ గైడ్ అన్నది నిజమే. తప్పు టేబుల్ వెయ్యడంలో లేదు, నువ్వు పెట్టుకున్న కొలబద్దలో ఉంది. "సెక్యులర్ అనే మాట ఉందా" అన్న గడిలో ఇండియాకి ఏం రాస్తావు? 1976కి ముందు లేదు, 42వ సవరణతో పీఠికలోకి వచ్చింది. ఆ సవరణ వచ్చినప్పుడు 25 నుంచి 28 దాకా ఉన్న మత స్వేచ్ఛ అధికరణల్లో ఒక్క అక్షరం మారలేదు. ముందు రోజు గుడికీ ప్రభుత్వానికీ ఏ లెక్క ఉందో, మర్నాడూ అదే లెక్క. మాట వచ్చినా పని మారలేదంటే ఆ మాటతో కొలవడం కుదరదు. అమెరికా రాజ్యాంగంలో ఆ మాట ఈ రోజుకీ లేదు. టర్కీలో 1937 నుంచీ ఉంది, ఇప్పటి 1982 రాజ్యాంగం రెండో అధికరణలోనూ ఉంది. కానీ అదే రాజ్యాంగం 136వ అధికరణ మత వ్యవహారాల శాఖకి చోటిచ్చింది. అక్కడి మసీదు ఇమాము ప్రభుత్వ ఉద్యోగి. నీ టేబుల్ ప్రకారం టర్కీ అమెరికా కంటే ఎక్కువ సెక్యులర్ అని తేలుతుంది. అది చూసే మీ గైడ్ ఆగి ఉంటారు.

నా పద్ధతి వేరు. నాలుగు రాజ్యాంగాలనూ విడివిడిగా వర్ణించొద్దు. ఒకే సంఘటన తీసుకుని నాలుగింటి ముందూ పెట్టు. ప్రతి రాజ్యాంగాన్నీ రెండే అడుగు: ఇది చెయ్యొచ్చా? చెయ్యొచ్చంటే ఏ వాక్యం వల్ల, కూడదంటే ఏ వాక్యం వల్ల? జవాబులు ఎక్కడ ఒకటయ్యాయో, ఎక్కడ విడిపోయాయో, అక్కడే నీ పేపర్ ఉంటుంది.

సంఘటన కోసం దూరం పోనక్కర్లేదు. నేను ఉండేది శ్రీకాకుళం. 2025లో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా జరిపారు. ఏటా ఆ అర్ధరాత్రి నుంచి జనం క్యూలైన్లలో నిలబడతారు. బారికేడ్లు, మంచినీళ్ళు, మెడికల్ క్యాంపు, పోలీసు బందోబస్తు, ఇవన్నీ ప్రభుత్వ యంత్రాంగం పనులే. ఇది మొదటి విషయం. రెండోది, ఆ గుడి లోపల ఆఫీసు గదిలో ఒక ఈఓ, అంటే కార్యనిర్వాహక అధికారి, కూర్చుంటారు. ఆయన్ని వేసేది దేవాదాయ శాఖ. హుండీ లెక్కింపు, టిక్కెట్ల రేట్లు, సిబ్బంది జీతాలు ఆయన చేతి మీదుగా నడుస్తాయి. బయట ఖర్చు, లోపల కుర్చీ. ఈ రెండూ ఒకే ఆవరణలో ఉన్నా, రాజ్యాంగ సిద్ధాంతంలో వేర్వేరు ప్రశ్నలు. చాలామంది పేపర్లు చెడేది ఈ రెంటినీ కలిపి "రాజ్యం మతంలో జోక్యం" అని ఒకే గంపలో వెయ్యడం వల్లే.

ముందు ఖర్చు సంగతి.

మన 27వ అధికరణను మెల్లగా చదువు. ఒక ప్రత్యేక మతాన్ని గాని, మతశాఖను గాని ప్రోత్సహించడానికో నిర్వహించడానికో అయ్యే ఖర్చుకి ప్రత్యేకంగా కేటాయించిన పన్నుని కట్టమని ఎవరినీ బలవంతం చెయ్యకూడదు, అంతే. ప్రభుత్వం మతం మీద డబ్బు ఖర్చు పెట్టకూడదని ఇక్కడ లేదు. రక్షణ పన్ను కట్టేవాడికి. నిషేధం, ఆ పని కోసమని విడిగా కేటాయించిన పన్ను మీద. "ప్రత్యేకంగా కేటాయించిన" అన్న మాటలోనే మొత్తం బరువు ఉంది. అది తీసేస్తే అధికరణ ఫ్రాన్స్ చట్టంలాగా అయిపోతుంది, అది ఉండబట్టే ఇండియాలాగా ఉంది.

ఈ మాట ఎంత దూరం పోతుందో 2011లో హజ్ సబ్సిడీ కేసులో తేలింది. ప్రఫుల్ గోరాడియా అనే ఆయన వేసిన పిటిషన్. దేశంలో వసూలైన ఆదాయపు పన్నులో పాతిక శాతం తీసుకెళ్ళి ఒక మతం మీద పెడితే 27కి విరుద్ధమే, పన్నులో చిన్న భాగంతో ఒక మతం వాళ్ళకి కొన్ని సౌకర్యాలు కల్పిస్తే కాదు అని సుప్రీంకోర్టు అంది. కుంభమేళా ఏర్పాట్ల ఖర్చునూ ఆ సందర్భంలో ప్రస్తావించింది. మరుసటి ఏడు ఇంకో కేసులో అదే కోర్టు ఆ సబ్సిడీని పదేళ్ళలో క్రమంగా ఎత్తెయ్యమంది. 2018లో అది పూర్తిగా ఆగిపోయింది. చూశావా, రాజ్యాంగబద్ధం అన్నదీ కోర్టే, తగ్గించమన్నదీ కోర్టే. ఇక్కడ ఒక విమర్శ నీ పేపర్లో రాయొచ్చు. పాతిక శాతానికీ చిన్న భాగానికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలో ఆ తీర్పు చెప్పలేదు. పరిమాణంతో కొలిచే పరీక్షకి ఉండే ఇబ్బంది అదే. నా మట్టుకు నాకు అది బలహీనమైన తీర్పుగానే కనిపిస్తుంది.

ఇప్పుడు అరసవల్లి క్యూలైన్ ఖర్చుని అమెరికా ముందు పెట్టు. అక్కడి మొదటి సవరణ 1791 నాటిది. మతాన్ని స్థాపించే విషయంలో కాంగ్రెస్ ఏ చట్టమూ చెయ్యకూడదు, స్వేచ్ఛగా ఆచరించడాన్ని నిషేధించకూడదు అంటుంది. పైకి చూస్తే మన 27 కంటే చాలా కఠినం. కానీ 1947 నాటి ఎవర్సన్ కేసు చూడు. న్యూజెర్సీలో ఒక టౌన్‌షిప్, పిల్లల బస్సు చార్జీలను తల్లిదండ్రులకు తిరిగిచ్చేది. క్యాథలిక్ బడులకి వెళ్ళే పిల్లల తల్లిదండ్రులకూ ఇచ్చింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్, చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఎత్తుగా, చెక్కు చెదరకుండా ఉండాలని రాసి, ఆ గోడకి ఇక్కడ పగులేమీ రాలేదని బస్సు చార్జీలు సమర్థించారు. పోలీసు, అగ్నిమాపక రక్షణ అందరికీ ఇచ్చినట్టే చర్చి బడికీ ఇస్తామంటే అది మతానికి సాయం కాదన్నది ఆయన తర్కం. అంటే అరసవల్లి బందోబస్తుకి అమెరికా కోర్టూ పెద్దగా అడ్డు చెప్పదు. జనం తొక్కిసలాటలో పడకుండా చూడడం ఏ ప్రభుత్వానికైనా మామూలు పని.

ఫ్రాన్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. 1958 రాజ్యాంగం మొదటి అధికరణ ఫ్రాన్స్ అవిభాజ్య, లాయిక్, ప్రజాస్వామ్య, సామాజిక గణతంత్రం అంటుంది. లాయిక్ అంటే రాజ్యాన్ని మతం నుంచి విడిగా ఉంచేది, ఆ సూత్రం పేరు లాయిసితే. మతభేదం లేకుండా చట్టం ముందు అందరూ సమానమనీ, గణతంత్రం అన్ని విశ్వాసాలనూ గౌరవిస్తుందనీ అంటుంది. డబ్బు మాట అందులో లేదు. డబ్బు సంగతి 1905 చట్టం రెండో అధికరణలో ఉంది: గణతంత్రం ఏ మతారాధననూ గుర్తించదు, జీతమివ్వదు, సబ్సిడీ ఇవ్వదు. నువ్వు కూడా అందరిలాగే ఈ వాక్యాన్ని "ఫ్రెంచి రాజ్యాంగం ఇలా అంటుంది" అని రాసి ఉంటావు. సరిచేసుకో, అది మామూలు చట్టం.

ఇది చాదస్తం కాదు. ఫలితం మారుతుంది. 2013 ఫిబ్రవరిలో అక్కడి రాజ్యాంగ మండలి ముందుకి అల్సాస్, మొసెల్ ప్రాంతాల ప్రశ్న వచ్చింది. 1871లో ఆ ప్రాంతాలు జర్మనీకి పోయాయి, మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక తిరిగొచ్చాయి. 1905లో అవి ఫ్రాన్స్‌లో లేవు, కాబట్టి ఆ చట్టం అక్కడ వర్తించదు. నెపోలియన్ కాలపు ఒప్పందం నడుస్తోంది. ఈ రోజుకీ అక్కడి క్యాథలిక్, ప్రొటెస్టెంట్, యూదు మతాచార్యులకి ప్రభుత్వమే జీతాలిస్తుంది. ఇది లాయిసితేకి విరుద్ధం కదా అని అడిగితే మండలి ఏమంది? ఏ మతారాధననూ గుర్తించకపోవడం, జీతమివ్వకపోవడం లాయిసితేలో భాగమే అంది. అయినా 1946లో, 1958లో రాజ్యాంగం రాసినవాళ్ళు ఆ ప్రాంతపు పాత ఏర్పాటుని తీసెయ్యాలనుకోలేదు కాబట్టి అది నిలుస్తుందంది. లాయిసితే అంటే ఏమేమిటో చెప్పిన ఆ పేరాలో సబ్సిడీ మాట ఎత్తలేదు కూడా. అంటే 1905 వాక్యంలోని మూడు నిషేధాల్లో రెండే రాజ్యాంగ స్థాయికి ఎక్కాయి.

మరి ఖర్చు? 2011 జులై 19న ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఒకే రోజు అయిదు తీర్పులిచ్చింది. వాటిలో రెండు నీకు బంగారం. లియాన్ నగరంలో ఫుర్వియేర్ కొండ మీద పెద్ద చర్చి ఉంది. నడవలేని వాళ్ళకోసం అక్కడ లిఫ్టు పెట్టడానికి నగరపాలిక డబ్బిచ్చింది. ఆ చర్చికి పర్యాటకులు కూడా వస్తారు, స్థానిక ప్రజాప్రయోజనం ఉంది, లిఫ్టు ఆరాధనకోసం కాదు, కాబట్టి ఇవ్వొచ్చని తేల్చారు. రెండోది ల మాన్స్ పట్టణంలో. బక్రీదు సమయంలో జంతువధకి తాత్కాలిక కబేళా ఏర్పాటు చేశారు. పరిశుభ్రత, ప్రజారోగ్యం దృష్ట్యా చెయ్యొచ్చు, అయితే వాడుకున్నందుకు తగిన రుసుము తీసుకోవాలి, దానంగా ఇవ్వకూడదన్నారు. మన మెడికల్ క్యాంపునీ మంచినీళ్ళ ట్యాంకునీ ఈ లిఫ్టు పక్కన పెట్టి చూడు. తర్కం ఒక్కటే.

ఇక్కడ ఒక ముక్క సిద్ధాంతం చెప్పాలి. తటస్థతను రెండు రకాలుగా కొలవొచ్చు. ప్రభుత్వం ఏ కారణంతో చేసింది అన్నది ఒకటి, ఎవరికి లాభించింది అన్నది రెండోది. రథసప్తమి బారికేడ్ల వల్ల లాభం హిందూ భక్తులకే, ఇందులో వాదన లేదు. ఫలితాన్ని బట్టి చూస్తే అది తటస్థం కాదు. కారణాన్ని బట్టి చూస్తే జనం ప్రాణాల రక్షణ, అది ఎవరి మతమూ కాదు. మూడు దేశాల కోర్టులూ మూడు వేర్వేరు వాక్యాలు పట్టుకుని బయల్దేరి, డబ్బు విషయంలో ఈ కారణం వైపుకే వచ్చి చేరాయి. బస్సు, లిఫ్టు, కబేళా, క్యూలైను. రాతలో అంత తేడా ఉన్నా చేతలో ఇంత దగ్గరగా వచ్చాయన్నది నీ మొదటి ఫలితం.

టర్కీ మాత్రం ఈ వరసలో ఇమడదు. అక్కడ ఖర్చు, సౌకర్యం దగ్గర ఆగదు, ఆరాధన దాకా వెళ్తుంది. ఇమాము జీతం సాధారణ బడ్జెట్ నుంచి వస్తుంది, ఆ శాఖ నడిపేది సున్నీ సంప్రదాయం. సున్నీలు కాని అలెవీ వర్గం వాళ్ళూ పన్ను కడతారు, వాళ్ళ ప్రార్థనా మందిరాలకి ఆ సేవలు దక్కవు. 2016లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇది వివక్షేనని తీర్పు చెప్పింది.

"రాష్ట్ర పండుగ" అని పేరు పెట్టడం వేరే సంగతి, దాన్ని ఖర్చుతో కలపకు. నీళ్ళ ట్యాంకుకి కారణం చెప్పొచ్చు, పేరుకి ఏం కారణం చెప్తాం? సంస్కృతి అనో, పర్యాటకం అనో చెప్పాలి. అమెరికాలో ప్రభుత్వం ఏ మతాన్నైనా తనదిగా చాటుకుంటోందా అన్న ప్రశ్న ఇలాంటి చోటే లేస్తుంది. మన రాజ్యాంగంలో దీన్ని పట్టుకునే అధికరణ సూటిగా ఒక్కటీ లేదు. 27 పట్టుకునేది పన్నుని, 28 పట్టుకునేది బడిలో మతబోధని. ప్రభుత్వం ఏ మతాన్నీ స్థాపించకూడదని చెప్పే వాక్యం మనకి లేనే లేదు. 1994 నాటి బొమ్మై తీర్పులో, సెక్యులరిజం మౌలిక స్వరూపంలో భాగమని చెప్తూ, ఆ ఖాళీని కొంత కోర్టే పూడ్చింది. చాలామంది దీన్ని గమనించరు. నువ్వు ఒక పేరా పెట్టు, చాలు.

ఇక రెండో విషయం, ఈఓ కుర్చీ. నిజమైన తేడా ఇక్కడే తెలుస్తుంది.

మన 26వ అధికరణలో రెండు ఖండాలు పక్కపక్కన పెట్టుకో. "బి"లో మతవిషయాల్లో తమ వ్యవహారాలు తామే చూసుకునే హక్కు మతశాఖలకి ఉంది. "డి"లో ఆస్తి నిర్వహించుకునే హక్కు ఉంది, కానీ చట్టప్రకారం. బిలో లేని "చట్టప్రకారం" డిలో ఉంది. దీనికి తోడు 25వ అధికరణ రెండో భాగం, మతాచారంతో ముడిపడిన ఆర్థిక, రాజకీయ, లౌకిక పనులని ప్రభుత్వం నియంత్రించొచ్చంటుంది. ఈఓ కుర్చీ నిలబడింది ఈ వాక్యాల మీద. పూజ మతం, హుండీ లెక్క లౌకికం.

ఈ గీతని 1954లో శిరూరు మఠం కేసు గీసింది. 1951 నాటి మద్రాసు దేవాదాయ చట్టం మీద వచ్చిన కేసు అది. ఆ చట్టం వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, కాబట్టి ఇది మన చట్టం కూడా. కోర్టు రెండు ముఖ్యమైన మాటలంది. మతంలో ఏది అత్యవసర భాగమో ఆ మత సిద్ధాంతాలను బట్టే చూడాలంది. చట్టం మఠాల నుంచి వసూలు చేసే కంట్రిబ్యూషన్ నిజానికి పన్ను అనీ, రాష్ట్రానికి ఆ పన్ను వేసే అధికారం లేదనీ అంది. కానీ 27కి విరుద్ధమా అంటే కాదంది. ఎందుకంటే ఆ డబ్బు హిందూమతాన్ని పెంచడానికి కాదు, సంస్థలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడడానికి. ఇక్కడా మళ్ళీ కారణమే చూసింది.

మన రాష్ట్రం 1987లో 30వ నంబరు చట్టం తెచ్చి, అర్చకుల వంశపారంపర్య హక్కు తీసేసింది. 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పూజ ఆగమం ప్రకారం చెయ్యడం మతం, పూజారిని నియమించడం లౌకికమైన పని అంది. మా వీధిలో రిటైరైన ఈఓ ఒకాయన ఉన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఈ తీర్పు గురించి చెప్పినప్పుడు ఆయన నవ్వి, "మాస్టారూ, మూలవిరాట్టుకి వస్త్రం ఎప్పుడు మార్చాలో నేనెప్పుడూ చెప్పలేదు. కానీ ఆ వస్త్రానికి బిల్లు పాస్ చేసింది నేనే. బిల్లు ఆగితే వస్త్రం కూడా ఆగేది" అన్నారు. గీత కాగితం మీద ఎంత తిన్నగా ఉన్నా గుడిలో అలా ఉండదన్నమాట. ఈ ఒక్క సంగతి రాస్తే నీ పేపర్లో ఆ గీత గురించిన విమర్శ అంతా వచ్చేసినట్టే.

అదే కుర్చీని అమెరికా తీసుకెళ్తే మొదటి రోజే కొట్టేస్తారు. 2012లో హొసానా టేబర్ కేసులో, మతసంస్థ తన మతబోధకులుగా ఎవరిని పెట్టుకోవాలో, ఎవరిని తీసెయ్యాలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాటగా అన్నారు. అక్కడ "ప్రభుత్వం ఏ కారణంతో చేసింది" అని అడగనే అడగరు. మంచి కారణమైనా సరే, అది నీ ఇలాకా కాదు అంటారు. ఫ్రాన్స్‌లో విచిత్రం చూడు. 1905కి ముందు కట్టిన కెథీడ్రళ్ళు రాజ్యం ఆస్తి, ఊరి చర్చిల్లో ఎక్కువ భాగం ఊరి పాలిక ఆస్తి. గోడలూ కప్పూ బాగుచేయించేది ప్రభుత్వమే. కానీ లోపల ఆరాధన నడిపే అధికారం మతస్థులది. మనకి ఆస్తి దేవుడిది, నిర్వహణలో ప్రభుత్వం చెయ్యి. వాళ్ళకి ఆస్తి ప్రభుత్వానిది, లోపల ప్రభుత్వం నోరెత్తదు. టర్కీలో కుర్చీ మాత్రమే కాదు, మసీదులో ఉపన్యసించే మనిషి కూడా ప్రభుత్వం మనిషే.

కాబట్టి నీ రెండో ఫలితం ఇది. డబ్బు ప్రశ్నకి కోర్టులు కారణం చూసి జవాబు చెప్తాయి, అందుకే దగ్గరగా వస్తాయి. అధికారం ప్రశ్నకి "ఇది ఎవరి ఇలాకా" అని చూసి జవాబు చెప్తాయి, అక్కడ ఒక్కో దేశం ఒక్కో దారి. డబ్బు విషయంలో కఠినంగా ఉన్న దేశం అధికారం విషయంలోనూ దూరంగా ఉంటుందనుకోకూడదు. ఫ్రాన్స్ మతానికి సబ్సిడీ ఇవ్వనంటుంది గాని, 2004 చట్టంతో ప్రభుత్వ బడిలో పిల్ల తల మీద హిజాబ్ ఉండకూడదంటుంది. నా దృష్టిలో తటస్థత ఒకే గీత మీద ఎక్కువా తక్కువా అని కొలిచేది కాదు.

నువ్వు చెయ్యబోయే ఒక తప్పు ముందే చెప్తాను, నేను చేశాను కాబట్టి. చాలా ఏళ్ళ క్రితం నా ఎం.ఫిల్.లో "అమెరికా రాజ్యాంగం చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ కట్టింది" అని ధీమాగా రాశాను. వైవాలో బయటనుంచి వచ్చిన ఎగ్జామినర్ రాజ్యాంగం కాపీ నా చేతికిచ్చి, ఆ గోడ ఎక్కడుందో చూపించు బాబూ అన్నారు. పేజీలు తిప్పుతూ చెమటలు పట్టాయి. అందులో లేదు. జెఫర్సన్ 1802లో డాన్‌బరీ బాప్టిస్టులకి రాసిన ఉత్తరంలో ఉంది. ఎగ్జామినర్ ఇంకో ప్రశ్న కూడా అడిగారు: ఆ సవరణ ఎవరిని కట్టడి చేస్తుంది? అందులో ఉన్నది "కాంగ్రెస్" అని. రాష్ట్రాలని కాదు. మసాచుసెట్స్‌లో ప్రభుత్వ ఆసరా ఉన్న చర్చి వ్యవస్థ 1833 దాకా నడిచింది, మొదటి సవరణ పక్కనే, ఏ ఇబ్బందీ లేకుండా. ఎవర్సన్ తీర్పుతోనే ఆ నిషేధం రాష్ట్రాల మీదికి వచ్చింది. కాబట్టి నీ టేబుల్లో "నిషేధం ఉందా" అన్న గడి పక్కన "ఎవరి మీద, ఎప్పటినుంచి" అన్న గడి తప్పకుండా ఉండాలి. మనకైతే 12వ అధికరణ నిర్వచనం వల్ల కేంద్రం, రాష్ట్రం, పంచాయతీ అన్నీ మొదటి రోజునుంచే కట్టుబడతాయి.

ఇంకొకటి, గైడ్ తప్పక అడిగేది: "తటస్థత అంటున్నావు, దేనితో పోలిస్తే?" మన ప్రాంతం చరిత్రే ఇక్కడ నీకు పనికొస్తుంది. 1817లో మద్రాసు రెగ్యులేషన్‌తో కంపెనీ గుళ్ళ మాన్యాల అజమాయిషీ రెవెన్యూ బోర్డుకి అప్పగించింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన ఎలా నడుపుతుందని మిషనరీలు గోల పెట్టారు. 1863 చట్టంతో ప్రభుత్వం చేతులు దులుపుకుని గుళ్ళని ధర్మకర్తలకీ కమిటీలకీ వదిలేసింది. అప్పట్లో తటస్థత అంటే అదే. మాన్యాలు అన్యాక్రాంతమవుతున్నాయన్న ఫిర్యాదుల నడుమ మద్రాసు శాసనసభ 1925 చట్టంతో దేవాదాయ బోర్డు తెచ్చింది, 1927లో ఇంకో చట్టంతో దాన్ని నిలబెట్టింది. ఇప్పుడు ఈఓ కుర్చీ తీసెయ్యాలనేవాళ్ళు 1863ని మామూలు స్థితి అనుకుంటారు, ఉండాలనేవాళ్ళు 1927ని. మసీదులకీ చర్చిలకీ లేని కుర్చీ గుడికెందుకని మొదటివాళ్ళు అడుగుతారు. వక్ఫ్‌కి కూడా చట్టపు బోర్డు ఉంది, గుడి తలుపులు అందరికీ తెరిపించింది 25(2) కదా అని రెండోవాళ్ళు అంటారు. ఇద్దరూ వాడేది తటస్థత అన్న మాటే. వీళ్ళలో ఎవరు కరెక్టో నువ్వు తేల్చక్కర్లేదు. ఎవరు ఎక్కడినుంచి కొలుస్తున్నారో చూపిస్తే సరిపోతుంది. రాజనీతి సిద్ధాంతవేత్త రాజీవ్ భార్గవ చెప్పిన "సూత్రబద్ధమైన దూరం" అనే భావనని ఇక్కడ వాడు. రాజ్యం అన్ని మతాలకూ ఒకే దూరంలో ఉండనక్కర్లేదు, దగ్గరికి వచ్చినా దూరం జరిగినా సమానత్వం, స్వేచ్ఛ లాంటి విలువల కోసమై ఉండాలన్నది ఆయన వాదన. అందరూ పీఠికతో కలిపి మొదటి పేజీలోనే దీన్ని పెట్టేస్తారు. ఈఓ కుర్చీ దగ్గర పెడితే అది పరీక్షకి నిలబడుతుందో లేదో తెలుస్తుంది. సూత్రం ఒకటే అయినప్పుడు ఒక మతం మీదే ఎక్కువ చెయ్యి పడితే, దానికి చెప్పిన కారణం సరిపోతుందా అని అడగొచ్చు.

నిజంగానే సెక్యులర్ మాటకి నిర్వచనం రాసుకున్న రాజ్యాంగాలు కావాలంటే నేపాల్, బంగ్లాదేశ్ చూడు. నేపాల్ 2015 రాజ్యాంగం నాలుగో అధికరణ వివరణలో, సెక్యులర్ అంటే సనాతనంగా వస్తున్న మత సంస్కృతుల రక్షణతో సహా మత, సాంస్కృతిక స్వేచ్ఛ అని రాసుకుంది. బంగ్లాదేశ్ 1972లో 12వ అధికరణలో మతతత్వం, ఏ మతానికైనా రాజకీయ హోదా ఇవ్వడం, రాజకీయాలకి మతాన్ని వాడుకోవడం, మతం పేర వివక్ష, ఈ నాలుగూ పోవాలని రాసింది. 1977లో దాన్ని తీసేశారు, 1988లో ఇస్లాంని రాజ్య మతం చేశారు, 2011లో రాజ్య మతాన్ని ఉంచుతూనే 12ని తిరిగి పెట్టారు. నీకు నెల కూడా లేదన్నావు కాబట్టి వీటిని ఒక్క పేరాకి మించనివ్వకు.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. మన రాజ్యాంగం హిందీ ప్రతిలో పంథ్‌నిరపేక్ష్ అని ఉంది, నేపాల్లో ధర్మనిరపేక్ష. తెలుగులో మనం లౌకిక అంటాం. ఫ్రెంచి లాయిక్‌ని లౌకిక అని తెలుగు చేసేస్తే, బడిలో హిజాబ్ నిషేధించడం కూడా మన లౌకికతలో ఉందేమో అనిపిస్తుంది. లాయిసితేని లాయిసితే అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరించు.

ఇప్పుడు టేబుల్ మళ్ళీ వెయ్యి. అడ్డంగా రెండే వరసలు: క్యూలైన్ ఖర్చు, ఈఓ కుర్చీ. నిలువుగా నాలుగు దేశాలు. ప్రతి గడిలో నాలుగే ముక్కలు రాయి: ఏ వాక్యం, ఎవరిని కట్టడి చేస్తుంది, మినహాయింపు ఏమిటి, కోర్టు దేన్ని చూసింది. ఎనిమిది గళ్ళు నిండితే సగం పేపర్ అయినట్టే. ఒక్క గడిలో నీకు రాయడానికి ఏమీ దొరకదు, టర్కీ ఈఓ కుర్చీ గడిలో "మినహాయింపు" దగ్గర. దాన్ని ఖాళీగానే ఉంచు, ఎందుకు ఖాళీ అన్నది కింద ఒక వాక్యంలో రాయి.